గిర్రున తిరిగిన పురుగు

ఈ ఏటి సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రుడు అడిగినప్పుడు, కవిత రాసే శక్తి నాకు లేదని చెప్పి తప్పించుకోబోయాను. "కవిత లేకపోతే పాయె, నీ సెమినారు సంగతి రాయి. అందరం నవ్వుకుంటం" అన్నాడు. ఆ సెమినారుకు వచ్చినవాళ్ళు అప్పుడే నవ్వుకున్నారు. రాని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నవ్వు సంగతి ఎట్లా ఉన్నా, రేపు మీరు కూడా పవర్ పాయింట్ ముందు నిలబడవలసిన వాళ్ళే గనుక, నేను పడిన గుంత ఎక్కడ ఉన్నదో చూపిస్తే ఒకరిద్దరైనా తప్పుకుంటారని ఆశ.

మాది వర్ధన్నపేట దగ్గర ఊరు. నాలుగెకరాల చెల్క. నాకు తెలిసినప్పటి నుంచీ అందులో పత్తే. 2017 వానాకాలం పంటప్పుడు నేను ఏడో తరగతి. ఆ ఏడు చెట్టు ఏపుగా పెరిగింది, కాయ బాగానే కాసింది. తీరా పగిలే వేళకు కాయ సగమే విచ్చుకుని, లోపల పత్తి గారపట్టి గింజకు అంటుకుపోయింది. మా అమ్మ గుడ్డి కాయలను వేళ్ళతో గీరి గీరి పత్తి తీసేది. సంచి నిండేది కాదు. కాయ కోసి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు. "బీటీ విత్తనం అని చెప్పి అమ్మిండ్రు గద, మరి పురుగెట్ల వచ్చె?" అని మా బాపు ఆ చలికాలమంతా ఎవరు కనబడితే వాళ్ళను అడిగాడు. ఆయనకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న మాత్రం నా మనసులో ఉండిపోయింది.

అందుకనే డిగ్రీ రెండో సంవత్సరంలో సెమినారు అంశం ఎంచుకోమన్నప్పుడు వెనకాముందూ చూడకుండా "బీటీ పత్తిని గులాబీ పురుగు ఎట్లా తట్టుకుంది?" అని రాసిచ్చాను. పన్నెండు నిమిషాల సమయం. పదిహేను రోజులు కష్టపడ్డాను. అయితే ఆ పదిహేను రోజుల్లో మూడు రోజులే చదివాను. మిగిలిన పన్నెండు రోజులూ యానిమేషన్లు చేశాను. నేరమంతా అక్కడే ఉంది.

ఏమేం చేశానో దాచకుండా చెప్తాను. మొదటి స్లైడు పురుగు కడుపులో విషం పని చేసే తీరు. ప్రతి పంక్తీ Fly In తో ఎడమ పక్క నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేది. ఆకు తిన్న పురుగుకు Spin పెట్టాను, అది మూడుసార్లు గిర్రున తిరిగి మాయమయ్యేది. రెండో స్లైడు పురుగు జీవితచక్రం. గుడ్డు, పురుగు, కోశస్థ దశ, రెక్కల పురుగు, ఒకటి పోయి దాని చోట ఇంకొకటి వచ్చేటట్టు చేశాను. మూడో స్లైడు అన్నిటికన్నా ఘనమైనది. ఆకుపచ్చని పురుగులు ఒక చేనంతా ఉంటాయి. ఏడాది మారిన కొద్దీ వాటికి Fill Color పెట్టి ఒక్కొక్కటే ఎర్రగా మారేటట్టు చేశాను. ఎరుపు అంటే విషాన్ని తట్టుకునే పురుగు అన్నమాట. హాస్టల్లో మిత్రులు చూసి "సినిమా తీసినవుర" అన్నారు. నేను పొంగిపోయాను.

సెమినారు నాడు మొదటి ఆరు నిమిషాలూ సినిమాలాగే నడిచింది. ఆరో నిమిషంలో వెనక వరుస నుంచి ఒక మేడం, "బాబూ, విషం కణానికి అతుక్కునే మెట్టు ఒకసారి చూపించు" అన్నారు. ఆ స్లైడులో ఇరవై రెండు నొక్కుళ్ళు ఉన్నాయి. వెనక్కి నొక్కితే పంక్తులు ఒక్కొక్కటే వెళ్ళిపోవడం మొదలైంది. సగం యానిమేషన్లు After Previous అని పెట్టినవి. వాటిని నేను ఆపలేను, అవి తమంతట తామే పరుగెడతాయి. కావలసిన మెట్టు దాటిపోయేది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. పురుగు గిర్రున తిరగడం, పిల్లలు చప్పట్లు కొట్టడం. మేడం మాత్రం నవ్వలేదు. చివర్లో తరగతిని ఒకే ప్రశ్న అడిగారు: "విషం తిన్న పురుగే మెల్లమెల్లగా అలవాటు పడి గట్టిపడుతుందా?" తరగతి మొత్తం ఒక్క గొంతుతో "అవును మేడం" అన్నది. మేడం నా వైపు చూసి, "నువ్వు చెప్పింది అదేనా?" అన్నారు. నేను చెప్పింది అది కాదు. నా నోరు చెప్పినదొకటి, నా తెర చూపించినదొకటి.

ఆ వారం ఇంటికి పోయాను. బాపుకు కూడా చూపిస్తే మనసు కుదుటపడుతుందని లాప్‌టాప్ తెరిచాను. బాపు మంచం మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి శ్రద్ధగా చూశాడు. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"విషం తింటే పురుగు గట్ల గిర్రున తిరుగుతదా బిడ్డా? నేను కాయల ఎన్నో పురుగుల చూసిన, తిరుగంగ ఎన్నడు చూడలే."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. ముప్పయ్యేళ్ళు పత్తి చేను చూసిన మనిషి, నా తెర మీద కనబడిన ప్రతి కదలికనూ నిజమని నమ్మి చూస్తున్నాడు. చూడడమంటే అట్లాగే చూడాలి. కదిలించిన వాణ్ణి నేను, అబద్ధం ఆడిన వాణ్ణీ నేనే. తెర మీద ఒక వస్తువు కదిలిందంటే, "ఇది నిజంగా ఇట్లా కదులుతుంది" అని మనం చెప్పినట్టే లెక్క. రంగు మారిందంటే "ఇది ఇట్లా మారింది" అని చెప్పినట్టే. అలంకారం కోసం పెట్టాననడానికి వీలు లేదు, ఎందుకంటే ఏది అలంకారమో ఏది విషయమో తెలిసిన వాడికి మన సెమినారుతో పనే లేదు. తెలియని వాడి కోసమే గదా మనం చెప్పేది.

ఆ రాత్రి నుంచి మూడు స్లైడులనూ ఒక్కొక్కటే ముందు పెట్టుకుని, "ఇక్కడ కదలిక ఏం చెప్తున్నది? ఆ చెప్పేది నిజమా? కదలకుండా చెప్పలేమా?" అని నన్ను నేనే అడుగుతూ పోయాను. మూడింటికీ మూడు వేరు వేరు జవాబులు వచ్చాయి. వాటిని వరుసగా చెప్తాను.

మొదటిది పురుగు కడుపు. ముందు విషయం చెప్పాలి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా ఒక ప్రోటీను తయారు చేస్తుంది. దాన్ని తయారు చేసే జన్యువును పత్తిలో పెట్టారు. పురుగు ఆకునో కాయనో కొరికినప్పుడు ఆ ప్రోటీను దాని కడుపులోకి పోతుంది. పురుగు నడిమి పేగులో క్షారగుణం ఎక్కువ. అక్కడి జీర్ణరసాలు ప్రోటీనును కత్తిరించి చురుకైన ముక్కగా చేస్తాయి. ఆ ముక్క పేగు గోడ కణాల మీద ఉండే కాడ్‌హెరిన్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. అతుక్కున్న ముక్కలు కొన్ని జట్టుగా చేరి కణపు పొరలో రంధ్రం చేస్తాయి. రంధ్రంలోంచి నీరూ లవణాలూ చొరబడి కణం ఉబ్బి పగులుతుంది. పురుగు తిండి మానేసి, కొద్ది రోజుల్లో చస్తుంది. అంతే గాని గిర్రున తిరగదు.

ఇది ఒక దాని వెనక ఒకటి జరిగే పని. ముందు మెట్టు లేకపోతే వెనక మెట్టు లేదు. కనుక మెట్టుమెట్టుగా చూపించడం ఇక్కడ న్యాయమే. అన్నీ ఒకేసారి తెర మీద పెడితే, చూసేవాడి కన్ను మొదట రంధ్రం మీద పడుతుంది, ఎందుకంటే అది పెద్దదిగా, ఎర్రగా ఉంటుంది. నేను కత్తిరింపు గురించి చెప్తుంటే అతను రంధ్రం గురించి ఆలోచిస్తుంటాడు. ఈ తగవు తీరాలంటే నా మాటా తెర మీది బొమ్మా ఒకే చోట ఉండాలి.

ఇక్కడ నాకు చిన్నప్పుడు చూసిన పటం కథ గుర్తుకు వచ్చింది. చేర్యాల పటాలు మీలో చాలామందికి తెలుసు. ఆ ఊరు 2016 దాకా మన వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. నకాషీ వాళ్ళు రాసిన పొడుగాటి బట్ట మీద ఒక కులపురాణం మొత్తం గడులు గడులుగా ఉంటుంది. కథ చెప్పే ఆయన పటాన్ని ఒక్కసారిగా విప్పడు. కథ ఎంత దూరం వచ్చిందో అంతే విప్పుతాడు. విప్పిన గడిలో బొమ్మ కదలదు. ఆయన చేతిలో కర్ర కదులుతుంది, గొంతు కదులుతుంది. కర్ర ఎవరి మీద ఉంటే మాట వాళ్ళ గురించి. ఎవరైనా ముసలమ్మ మధ్యలో "ఆగు నాయినా, ఈయన ఎవరు?" అంటే ఆగుతాడు. పవర్ పాయింట్ పుట్టింది 1987లో. మన దగ్గర అంతకు ఎన్ని తరాల ముందు నుంచో మెట్టుమెట్టుగా తెర విప్పే పద్ధతి ఉన్నది, అదీ కథకుడి చేతి అదుపులో.

ఆయన పద్ధతినే నకలు కొట్టాను. పేగు గోడ బొమ్మ మొదటి నుంచి చివరి దాకా చోటు మారకుండా అక్కడే ఉంటుంది. దాని మీద ఒక్కొక్క నొక్కుకూ ఒక్కటే చేరుతుంది: ప్రోటీను, కత్తిరింపు, అతుకు, రంధ్రం, పగులు. ఇరవై రెండు నొక్కుళ్ళు ఐదుకు దిగాయి. అన్నీ On Click, ఏదీ తనంతట తాను పరుగెత్తదు. ప్రవేశానికి Appear తప్ప ఇంకొకటి లేదు. ముక్క పైనుంచి వచ్చి గ్రాహకంలో కూర్చునే చోట ఒక్కచోటే నిజమైన కదలిక పెట్టాను. ఎందుకంటే అక్కడ కదలికే విషయం: ముక్క వస్తుంది, ఇముడుతుంది. ఆ పక్కనే మళ్ళీ అదే గోడ, తట్టుకున్న పురుగుది. దాని గ్రాహకం ఆకారం కొంచెం తేడా. అదే ముక్క అదే దారిలో వచ్చి, ఇమడక, పక్కకు జారిపోతుంది. రెండు కదలికలూ అన్ని విధాలా ఒకటే, ఒక్క చివర తప్ప. తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించే పని లేదు, కంటికి అదే తగులుతుంది.

ఇంకొక చిన్న సంగతి నేర్చుకున్నాను. ముందు నొక్కి తర్వాత చెప్పకూడదు. ముందు నోటితో "ఇప్పుడు దీన్ని కత్తిరించేవాళ్ళు వస్తారు" అనాలి, అప్పుడు నొక్కాలి. వినేవాడు దాని కోసం చూస్తూ ఉంటాడు. ముందే నొక్కితే, బొమ్మ ఏమిటో అర్థం చేసుకునే తిప్పలో మన మాట వినడు.

రెండో స్లైడు జీవితచక్రం. ఇక్కడ నా యానిమేషన్ మొత్తం తీసి పారేశాను. కారణం చెప్తాను. చక్రంలో నాలుగు దశలూ నాలుగు సమాన భాగాలుగా ఉన్నాయి. ఒకటి పోతే గాని ఇంకొకటి రాదు. చూసిన వాడు దశలన్నీ సమాన కాలం అనుకుంటాడు, పోల్చి చూద్దామంటే ముందు దశ తెర మీద లేదు. కాని రైతుకు కావలసిందంతా ఆ పోలికలోనే ఉంది.

దాని బదులు ఒక పొడుగాటి పట్టీ గీశాను, రోజుకు ఒక గడి. గుడ్డుకు నాలుగైదు గడులు. పురుగు దశకు ఇంచుమించు రెండు వారాల గడులు. కోశస్థ దశకు ఒక వారం పైచిలుకు. ఆ తర్వాత రెక్కల పురుగు. చలి ఎక్కువైతే ఈ లెక్క సాగుతుంది, కాని మనకు పని జరిగే కాలంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఒక నెల అనుకోవచ్చు. ఇప్పుడు ఆ పట్టీలో ఒక భాగానికి నల్ల రంగు వేశాను: పురుగు కాయ లోపల ఉండే రోజులు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఎక్కువ సేపు బయట తిరగదు, కాయలోకి దూరుతుంది. దూరిన రంధ్రం పూడిపోతుంది. ఇక బయట నుంచి చూస్తే కాయ నున్నగా, ఆరోగ్యంగా ఉంటుంది. మందు కొట్టినా లోపలికి పోదు. తెర మీద పట్టీని ఒక్కసారి చూస్తే చాలు, నల్ల గడులు ఎన్ని, తెల్ల గడులు ఎన్ని అన్నది కనబడుతుంది. గుడ్డు మీదా, అప్పుడే పుట్టిన పిల్ల మీదా పని చేసే రోజులు ఎంత కొద్దివో అర్థమవుతుంది. పురుగు కనబడ్డాక మందు కొట్టడం ఎందుకు ఆలస్యమో వివరించడానికి నాకు ఒక్క మాట కూడా అవసరం పడలేదు. ఈ పట్టీని ముక్కలు ముక్కలుగా తెచ్చి పెట్టి ఉంటే, ఆఖరి ముక్క వచ్చే దాకా అందరూ ఎదురుచూడవలసి వచ్చేది. పోల్చవలసిన వాటిని దాచిపెట్టి ఒక్కొక్కటే బయటికి తీయడం వల్ల లాభం లేదు. అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు ఉండాలి, ఎవరికి కావలసిన చోట వాళ్ళ కన్ను ఆగాలి.

మూడో స్లైడు నా పరువు తీసినది. దాని మీద ఎక్కువ రోజులు కూర్చున్నాను.

విషయం ఇది. మన దేశంలో ఒక విషపు జన్యువున్న బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువులున్న రకానికి 2006లో. 2010లో గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ పురుగు ఉన్నదని ప్రకటించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే రెండు విషాలనూ తట్టుకున్న పురుగు కనబడింది. ఇది ఎట్లా జరిగింది? ఏ పురుగూ విషం తిని, అలవాటు పడి, మారలేదు. వేల పురుగుల్లో ఎక్కడో ఒకటి రెండింటికి పుట్టుకతోనే గ్రాహకం తేడాగా ఉంది. విషం మిగిలినవాటిని చంపింది. చావకుండా మిగిలినవి తమలో తాము జతకట్టి పిల్లలను పెట్టాయి. పిల్లలకు అదే తేడా వచ్చింది. ఎకరాలకు ఎకరాలు, ఏళ్ళకు ఏళ్ళు అదే పంట ఉంటే, అరుదైనదే మామూలైంది.

ఇప్పుడు నా పాత యానిమేషన్ చూడండి. ఆకుపచ్చ పురుగు ఉన్నచోటనే ఉండి ఎర్రబడింది. అంటే ఆ ఒక్క పురుగే బతికుండి మారిందని చెప్పాను. తరగతి మొత్తం "అవును మేడం" అన్నదంటే వాళ్ళ తప్పేముంది? Fill Color అనే ఒక్క మీట నొక్కి, నేను ఒక తప్పుడు సిద్ధాంతాన్ని అరవై మందికి నేర్పాను. నోటితో "సహజ వరణం" అని మూడుసార్లు అన్నాను, అయినా కన్ను చూసినదే గెలిచింది.

సరైనది చేయడానికి రంగు మార్చే మీట అసలు పనికిరాదు. వంద చుక్కలు, తొంభై ఎనిమిది ఆకుపచ్చ, రెండు ఎరుపు, మొదటి నుంచీ ఎరుపే. (రెండు అన్నది బొమ్మ కోసం, చేనులో ఇంకా అరుదు.) మొదటి నొక్కుకు ఆకుపచ్చవి Disappear. ఎర్రవి ఉన్నచోటనే మిగులుతాయి. ఇక్కడ ఒక క్షణం ఊరుకోవాలి, ఖాళీ తెరను చూడనివ్వాలి. రెండో నొక్కుకు ఆ రెండు ఎర్రవాటి పక్కన కొత్త ఎర్ర చుక్కలు Appear. కొత్తవి చిన్నగా ఉంటాయి, పిల్లలు గదా. ఇంతే. చావడం, మిగలడం, పుట్టడం: జరిగినవి మూడు, తెర మీద కనబడేవీ మూడు. ఈ స్లైడుకు కదలిక కావాలి. మొదటి తరం, చివరి తరం బొమ్మలు రెండే పక్కపక్కన పెట్టి ఊరుకుంటే, "మధ్యలో ఏం జరిగింది?" అన్నదాన్ని చూసేవాడు తన ఊహతో నింపుకుంటాడు. ఆ ఊహ సాధారణంగా "అలవాటు పడ్డాయి" అనే ఉంటుంది.

ఇదంతా నేను కనిపెట్టిన సంగతేమీ కాదని లైబ్రరీలో వెతికితే తెలిసింది. బార్బరా ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరితో కలిసి 2002లో ఒక వ్యాసం రాసింది. యానిమేషనే మేలని చూపిన పరిశోధనలను తిరగేసి చూస్తే, చాలా చోట్ల యానిమేషన్లో ఉన్న సమాచారం కదలని బొమ్మలో అసలు పెట్టనే లేదట. అంటే పోటీ సమానంగా జరగలేదన్నమాట. ఆమె రెండు షరతులు పెట్టింది. బొమ్మ నడిచే తీరు విషయం నడిచే తీరుకు సరిపోవాలి. చూసేవాడు దాన్ని అందుకునేంత నెమ్మదిగా, స్పష్టంగా ఉండాలి. 2007లో హ్యోఫ్లర్, లాయిట్నర్ అనే ఇద్దరు జర్మన్లు ఇరవై ఆరు అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. మొత్తం మీద యానిమేషన్ వైపే కొంత మొగ్గు తేలింది. కాని ఆ మొగ్గు కదలిక నేర్చుకోవలసిన విషయాన్నే చూపినప్పుడు ఎక్కువ. ముడి వేయడం వంటి చేతిపనులు నేర్పేటప్పుడు ఇంకా ఎక్కువ. అలంకారానికి పెట్టిన కదలికకు ఆ బలం లేదు. నా పన్నెండు రోజుల శ్రమకు ఇంత సూటిగా ఇంకెవ్వరూ మార్కులు వేయలేదు.

కొత్త స్లైడులు సరిగ్గా ఉన్నాయా లేదా అని ఎట్లా తెలుస్తుంది? "అర్థమైందా?" అని అడిగితే ఎవడూ లేదనడు. అందుకని హాస్టల్లో పది మందికి చూపించి, లాప్‌టాప్ మూసేసి, తలా ఒక తెల్లకాగితం ఇచ్చాను. "పురుగు ఎందుకు చావలేదో బొమ్మ గీయండి" అన్నాను. ఆరుగురు సరిగ్గా గీశారు. నలుగురు అతుకు మెట్టు వదిలేసి నేరుగా రంధ్రం గీశారు. నలుగురిదీ ఒకే చోట తప్పు గనుక తప్పు నాదే. చూస్తే అతుకూ రంధ్రమూ మరీ వెంటవెంటనే నొక్కుతున్నాను. మధ్యలో నాలుగు మాటలు చేర్చి, ఇంకో ఐదుగురికి చూపిస్తే ఐదుగురూ గీశారు. ఈ పరీక్షకు పావుగంట చాలు. యానిమేషన్‌కు పెట్టే సమయంలో అది ఎంత?

మరో జాగ్రత్త. స్లైడులను ప్రింటు తీసి చూడండి. కాగితం మీద ఏదీ కదలదు, ఒకదాని మీద ఒకటి పేర్చినవన్నీ ముద్దగా పడతాయి. నా పాత మూడో స్లైడు ప్రింటులో ఆకుపచ్చ పురుగులు తప్ప ఇంకేమీ లేవు. కరెంటు పోయినా, ప్రొజెక్టరు మొండికేసినా, సెమినారు తర్వాత మీ స్లైడులు అడిగిన మిత్రుడికి పీడీఎఫ్ పంపినా మిగిలేది ఆ కాగితమే. కనుక మెట్లున్న బొమ్మకు చివరి మెట్టు ఒక్కటే చూసినా కథ తెలిసేటట్టు అంకెలు వేయండి. ఎవరైనా "వెనక్కి పో" అంటే వరుసగా నొక్కుతూ పోవద్దు. స్లైడు సంఖ్య కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికే పోతుంది. మీ మొహం చూసి వినాలనుకున్నప్పుడు B నొక్కితే తెర నల్లబడుతుంది. ఈ రెండు మీటలూ నాకు ముందే తెలిసి ఉంటే ఆ మేడం ముందు అంత చెమట పట్టేది కాదు.

చివరికి బాపు సంగతి. కొత్త స్లైడులు చేసుకుని మళ్ళీ ఊరికి పోయాను. మొదటి రెండూ చూశాడు. పట్టీ దగ్గర చాలాసేపు ఆగాడు, నల్ల గడులు వేలితో లెక్కపెట్టాడు. మూడోది చూపించబోతే కరెంటు పోయింది, బ్యాటరీ ముందే అయిపోయి ఉంది. ఏం చేయాలో తోచక వంటింట్లోంచి చారెడు పెసలూ, నాలుగు ఎర్రపప్పు బద్దలూ తెచ్చి చాప మీద పోశాను. "పచ్చయి మామూలు పురుగులు. ఎర్రయి ముందటి నుంచే తేడా ఉన్నయి. బీటీ పెట్టినం. ఇగ పచ్చయి తీసెయ్యి బాపు" అన్నాను. బాపు స్వయంగా ఒక్కొక్క పెసర గింజా ఏరి పక్కన పెట్టాడు. నాలుగు ఎర్ర బద్దలు మిగిలాయి. "ఇప్పుడు వీటికి పిల్లలు" అని ఇంకో గుప్పెడు ఎర్రపప్పు పోశాను.

బాపు చాప వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, "అంటే పురుగు మారలే. మిగిలింది" అన్నాడు.

ఆ ఒక్క మాట మా తరగతిలో అరవై మంది అనలేకపోయారు, నా వల్ల.

కొంచెంసేపటికి ఆయనే మళ్ళీ, "గా చిన్న ప్యాకెట్ ఎందుకిచ్చిండ్రు మరి?" అన్నాడు. ఆ రోజుల్లో 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం వేరే ప్యాకెట్లో ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. నేను ఏమీ చెప్పలేదు. చాప మీద ఎర్ర బద్దల చుట్టూ, ఆయన తీసేసిన పెసలను గట్టు వరుసలాగా మళ్ళీ పోశాను. పచ్చవి బతికి ఉంటే మిగిలిన ఎర్రది పచ్చదానితోనే జతకడుతుంది, పుట్టిన పిల్ల విషానికి చస్తుంది, ఎర్రవి పెరగవు. బాపుకు అర్థమైంది. ఆ ప్యాకెట్లు ఏళ్ళ తరబడి మా కొట్టంలో చూరు కింద పడి ఉండేవి. కొన్ని ఎలుకలు తిన్నాయి, కొన్ని మేమే పారేశాం. "మాకెవ్వలు గిట్ల పెసలు పోసి చెప్పలే" అన్నాడు. అందులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ ఏడు డిసెంబరు ఆఖరుకు రెండెకరాల పత్తి కట్టె పీకించాడు, పురుగుకు తిండి లేకుండా. మిగిలిన రెండెకరాలు ఆఖరి ఏరుడు కోసం ఫిబ్రవరి దాకా ఉంచాడు. అప్పు కిస్తీ ఉంది, ఆ రెండు మూడు క్వింటాళ్ళు వదులుకునే స్థితిలో మేం లేం. బొమ్మ ఎంత సరిగ్గా గీసినా అది తీర్చలేని సంగతులు ఉంటాయని అప్పుడు తెలిసింది. కాని ఆ రెండెకరాలు ఉంచినప్పుడు, ఏం పెంచుతున్నాడో తెలిసే ఉంచాడు.

నా పాత ఫైలు ఇప్పటికీ లాప్‌టాప్‌లో ఉంది. అప్పుడప్పుడు తెరిచి ఆ పురుగును ఒకసారి గిర్రున తిప్పి చూసుకుంటాను.

— బి.ఎస్సీ. (బి.జడ్.సి.) తృతీయ సంవత్సరం విద్యార్థి